‘విజయవంతం’ అని చూపిస్తూనే ఆగిపోయే సింక్

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు డేటాబేస్ సర్వర్ల మధ్య తెగిపోయిన కాపీని సరిచేసే పనిలో ఉన్నాడు. రెండో సర్వర్‌లో పాత ఫైళ్లు తీసేస్తున్నానని అనుకుంటూ, ప్రధాన సర్వర్ మీదే తొలగింపు ఆదేశం నడిపాడు. ఒకటి రెండు సెకన్లలో తేరుకుని ఆపేశాడు కానీ, అప్పటికే సుమారు 300 గిగాబైట్ల డేటాలో నాలుగున్నర గిగాబైట్లే మిగిలాయి.

ఇలాంటి రోజు కోసమే ఆ సంస్థ బ్యాకప్ ఏర్పాటు చేసుకుంది. డేటాబేస్ మొత్తాన్ని రోజూ నకలు తీసి, అమెజాన్ వారి క్లౌడ్ నిల్వలోకి పంపే ప్రోగ్రామ్ ఉంది. ఆ నిల్వను తెరిచి చూస్తే ఖాళీగా ఉంది.

కారణం చాలా చిన్నది. నకలు తీసే `pg_dump` అనే ప్రోగ్రామ్ 9.2 వెర్షన్‌ది, డేటాబేస్ 9.6 వెర్షన్‌ది. తనకంటే కొత్త డేటాబేస్‌ను నకలు తీయడానికి `pg_dump` ఒప్పుకోదు, తప్పు చూపించి ఆగిపోతుంది. నడిచిన ప్రతిసారీ అదే జరిగింది. అలా తప్పు వస్తే ఈమెయిల్ వెళ్లే ఏర్పాటు కూడా ఉంది. అయితే ఆ ఈమెయిళ్లకు పంపినవారెవరో రుజువు చేసే డిజిటల్ ధ్రువీకరణ లేకపోవడంతో, అందుకోవాల్సిన మెయిల్ సర్వర్ వాటిని తిప్పికొట్టింది. బ్యాకప్ ఆగింది, ఆగిందని చెప్పే గొంతూ ఆగింది. బయటి నుంచి చూసేవారికి అంతా సవ్యంగానే కనిపించింది.

వేరే పని కోసం ఒకరు ఆరు గంటల ముందు చేత్తో తీసిపెట్టిన డిస్క్ నకలు ఉండబట్టి గిట్‌ల్యాబ్ గట్టెక్కింది. సైట్ తిరిగి నిలబడడానికి దాదాపు 18 గంటలు పట్టింది. మధ్యలోని ఆరు గంటల్లో చేరిన సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాల డేటా పోయింది. ఇదంతా ఆ సంస్థే దాచకుండా సవివరంగా ప్రకటించింది కాబట్టి లోకానికి తెలిసింది.

తొలగింపు ఆదేశం పెద్ద తప్పే. కానీ అది జరిగిన క్షణాల్లోనే తెలిసిపోయింది. బ్యాకప్ ఆగిన సంగతి మాత్రం దాని అవసరం పడే దాకా ఎవరికీ తెలియలేదు. ఒక చోటి నుంచి మరో చోటికి డేటా మోసే ప్రతి ఏర్పాటుకూ ఈ రెండో రకం ప్రమాదం ఉంది. దుకాణం బిల్లులు హెడ్డాఫీసుకు చేరడం, ఆసుపత్రి పరీక్ష ఫలితాలు జిల్లా కార్యాలయానికి వెళ్లడం, బ్యాంకు లావాదేవీలు ఖాతాల ప్రోగ్రామ్‌లోకి రావడం, అన్నీ ఈ కోవలోవే. వీటన్నిటినీ కలిపి కంప్యూటర్ వాళ్లు ‘సింక్’ అంటారు.

సింక్ పడిపోతే అలర్ట్ రావాలని అందరూ ఏర్పాటు చేస్తారు. సాధారణంగా అది ‘తప్పు జరిగితే చెప్పు’ అన్న పద్ధతిలో ఉంటుంది. ఈ పద్ధతిలో రెండు కంతలున్నాయి. మొదటిది, ప్రోగ్రామ్ అసలు మొదలే కాకపోతే తప్పు జరగదు, కాబట్టి కబురూ రాదు. సర్వర్ మార్చినప్పుడు రాత్రి పనుల జాబితా కొత్తదానిలోకి ఎక్కించడం మరిచిపోయారంటే అంతే సంగతులు. రెండోది, ప్రోగ్రామ్ మొదలై, సజావుగా నడిచి, ఒక్క రికార్డు కూడా తేకుండా ముగిస్తే దాని దృష్టిలో అది విజయమే. ‘0 రికార్డులు కాపీ అయ్యాయి, పని పూర్తయింది’ అని పచ్చ గుర్తు పెడుతుంది.

ఈ రెండోది ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇరవై మందుల దుకాణాలున్న ఒక సంస్థను ఊహించుకుందాం. రోజుకు మొత్తం ఆరు వేల బిల్లుల దాకా అవుతాయి. అవన్నీ బిల్లింగ్ డేటాబేస్‌లో చేరతాయి. రాత్రి రెండు గంటలకు ఒక ప్రోగ్రామ్ లేచి, కొత్త బిల్లులను కొనుగోలు విభాగపు డేటాబేస్‌లోకి కాపీ చేస్తుంది. ఏ మందు ఎంత అమ్ముడైందో చూసి, ఉదయం తొమ్మిదికి డిస్ట్రిబ్యూటర్లకు ఆర్డర్లు వెళ్తాయి.

ప్రతి రాత్రీ పాత బిల్లులన్నీ మళ్లీ మోయడం దండగ కాబట్టి, ప్రోగ్రామ్ ఒక గుర్తు పెట్టుకుంటుంది. నిన్నటి దాకా తెచ్చినవాటిలో అన్నిటికంటే కొత్త బిల్లు సమయమే ఆ గుర్తు. ఈ రాత్రి దాని తర్వాతివి మాత్రమే అడుగుతుంది:

```sql
SELECT * FROM bills
WHERE updated_at > :last_seen;
```

ఒక రోజు ఒక దుకాణంలో కంప్యూటర్ లోపలి బ్యాటరీ అయిపోయి గడియారం చెదిరింది. చేత్తో సరిచేస్తుంటే 2025కి బదులు 2052 పడింది. గంటలో ఎవరో గమనించి మార్చేశారు. ఆ గంటలో కొట్టిన నాలుగైదు బిల్లుల మీద మాత్రం 2052 అన్న తేదీ ఉండిపోయింది. ఆ రాత్రి సింక్ వాటిని కూడా తెచ్చుకుంది, తన గుర్తును 2052కి జరుపుకుంది. మర్నాటి రాత్రి నుంచి ‘2052 తర్వాతి బిల్లులు ఇవ్వు’ అని అడుగుతోంది. అలాంటివి లేవు. సున్నా వస్తోంది. పచ్చ గుర్తు పడుతోంది. అమ్మకాలేవీ కనిపించక కొనుగోలు ప్రోగ్రామ్ ఆర్డర్లు పెట్టడం మానేస్తుంది. నాలుగైదు రోజులయ్యాక దుకాణాల నుంచి ‘షుగర్ మాత్రలు అయిపోయాయి, సరుకెందుకు రావట్లేదు?’ అని ఫోన్లు మొదలవుతాయి. అలర్ట్ చేయాల్సిన పనిని కౌంటర్ ముందు నిలబడ్డ రోగి చేయాల్సి వస్తుంది.

ఇందులో ఎవరి ప్రోగ్రామూ చెడిపోలేదు, ఏ తప్పూ నమోదు కాలేదు. కాబట్టి తప్పుల కోసం ఎంత వెతికినా దొరకదు. అలర్ట్ ‘చెడు కబురు వస్తే చెప్పు’ అనడం మాని, ‘మంచి కబురు రావాల్సిన వేళకు రాకపోతే చెప్పు’ అనాలి. రైలింజన్లలో ఉండే వీసీడీ పరికరం ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. లోకో పైలట్ నిమిషం పాటు ఏ మీటా కదపకపోతే అది ముందు దీపం వెలిగిస్తుంది, తర్వాత బజర్ మోగిస్తుంది, అప్పటికీ చలనం లేకపోతే బ్రేకు వేస్తుంది. డ్రైవర్ స్పృహ తప్పితే తానే ఆ సంగతి చెప్పలేడు కాబట్టి, మౌనాన్నే సంకేతంగా తీసుకునేలా దాన్ని తయారు చేశారు.

సింక్ విషయంలో ఆ పరికరం మరో యంత్రం మీద ఉండాలి. సింక్ నడిచే సర్వర్‌లోనే అలర్ట్ ప్రోగ్రామ్ కూడా ఉంటే, ఆ సర్వర్ ఆగిన రోజు రెండూ కలిసి నిద్రపోతాయి. పని ముగిసిన ప్రతి రాత్రీ సింక్ బయట ఉన్న కాపలా సర్వీసుకు ‘అయింది’ అని ఒక చిన్న సంకేతం పంపుతుంది. చెప్పిన వేళకు అది అందకపోతే కాపలా సర్వీసే అలర్ట్ ఇస్తుంది. రాత్రి పనుల జాబితాలో అది ఇలా ఉంటుంది:

```
0 2 * * * /opt/sync/run.sh && curl -fsS https://monitor.example/ping/bills
```

ఇక్కడ `&&` ముఖ్యం. మొదటి పని విజయవంతమైతేనే రెండోది చేయమని దాని అర్థం. దాని చోట సెమికోలన్ పెడితే సింక్ పడిపోయినా సంకేతం వెళ్లిపోతుంది. ఇలా పొరపాటున రాసిన కాపలా, లేని కాపలా కంటే ప్రమాదం. అందరూ దాన్ని నమ్ముకుని ఉంటారు.

దీనితో మొదటి కంత మూసుకుంటుంది. ప్రోగ్రామ్ మొదలు కాకపోయినా, మధ్యలో చచ్చిపోయినా తెలుస్తుంది. 2052 కథను మాత్రం ఇది పట్టుకోలేదు. అక్కడ ప్రోగ్రామ్ ముగుస్తూనే ఉంది, సంకేతం వెళ్తూనే ఉంది. ప్రోగ్రామ్ ఏమంటోందో వినడం సరిపోదు, సరుకు దిగాల్సిన చోట దిగిందో లేదో వెళ్లి చూడాలి.

అంటే గమ్యంలో ఉన్న డేటా ఎంత తాజాదో కొలవాలి. చాలామంది తట్టిన వెంటనే రాసే పద్ధతి, అక్కడున్న అన్నిటికంటే కొత్త బిల్లు తేదీ చూడడం. మన ఉదాహరణలో అది 2052 అని వస్తుంది. దాని ప్రకారం డేటా పాతబడడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. సింక్‌ను ఆపిన ఆ నాలుగైదు బిల్లులే కాపలా కళ్లకూ గంతలు కడతాయి. అందుకే బిల్లు మీద దుకాణం వేసిన తేదీ కాకుండా, గమ్యం డేటాబేస్ ఆ రికార్డును రాసుకున్నప్పుడు తన సొంత గడియారంతో వేసుకున్న సమయాన్ని చూడాలి. ఆ సమయానికి విడిగా ఒక గడి ఉండాలి.

మరో చిక్కు ఉంది. పట్టిక పూర్తిగా ఖాళీ అయిపోతే ‘అన్నిటికంటే కొత్తది ఏది?’ అన్న ప్రశ్నకు డేటాబేస్ సున్నా చెప్పదు, `NULL` అంటుంది. విలువే లేదని దాని అర్థం. ‘`NULL` అనేది 26 గంటల కంటే ఎక్కువా?’ అని అడిగితే అవునూ రాదు, కాదూ రాదు. అవును రాలేదు కాబట్టి అలర్ట్ మోగదు. పరిస్థితి ఎంత ఘోరంగా ఉంటే కాపలా అంత మౌనంగా ఉంటుందన్నమాట. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో రెండో సర్వర్ ఎంత వెనకబడిందో చెప్పే `Seconds_Behind_Source` అనే కొలత కూడా ఇంతే. కాపీ పని పూర్తిగా ఆగితే అది పెద్ద అంకె చూపదు, `NULL` చూపుతుంది. ‘300 సెకన్లు దాటితే చెప్పు’ అని మాత్రమే రాసుకున్నవారికి ఆ రోజు ఏ కబురూ రాదు.

ప్రశ్నను లెక్కపెట్టే రూపంలో అడిగితే ఈ చిక్కు తీరుతుంది:

```sql
SELECT count(*) FROM bills_copy
WHERE loaded_at > now() - interval '26 hours';
```

గత 26 గంటల్లో ఎన్ని రికార్డులు దిగాయో ఇది చెబుతుంది. ఏమీ లేకపోతే స్పష్టంగా సున్నా అంటుంది. ఈ ప్రశ్నే నడవకపోయినా, డేటాబేస్ అందకపోయినా, దాన్ని కూడా అలర్ట్‌గానే లెక్కించమని కాపలా సర్వీసుకు చెప్పాలి. చాలా సర్వీసుల్లో ‘సమాచారం రాకపోతే ఏం చేయాలి?’ అన్న ఎంపిక విడిగా ఉంటుంది. దాన్ని ఎవరూ తాకకపోతే ఏమీ చేయకుండా ఊరుకునేవీ ఉన్నాయి.

26 అన్న అంకె ఊరికే వచ్చింది కాదు. సింక్ రోజుకోసారి నడుస్తుంది కాబట్టి 24. మామూలుగా రెండు గంటల నలభై నిమిషాలకల్లా ముగుస్తుంది, ఒక్కోసారి ఆలస్యమవుతుంది కాబట్టి ఇంకో రెండు. ఈ లెక్కన ఒక రాత్రి సింక్ సున్నా తెస్తే తెల్లవారుజామున నాలుగు గంటల నలభైకి సంగతి తేలుతుంది. అప్పుడే ఎవరినైనా నిద్రలేపాలా? అక్కర్లేదు. ఆర్డర్లు వెళ్లేది తొమ్మిదికి. సరిచేయడానికి రెండు గంటలు పడుతుందనుకుంటే ఆరున్నరకు ఫోన్ మోగితే చాలు. అలర్ట్ ఎప్పుడు మోగాలన్నది, ఆ డేటా మీద ఆధారపడ్డ మనిషి పని ఎప్పుడు మొదలవుతుందన్న దాన్ని బట్టి వెనక్కి లెక్కగట్టాలి. సగం రాత్రి అనవసరంగా నాలుగుసార్లు లేపిన అలర్ట్‌ను అయిదోసారి ఎవరైనా సైలెంట్‌లో పెట్టేస్తారు.

ఇక సున్నా అన్నది ప్రతిసారీ తప్పేనా? ఇరవై దుకాణాల మొత్తం సున్నా అయితే తప్పే. కానీ దుకాణం దుకాణంగా చూస్తే ఆదివారం కొన్ని మూసి ఉంటాయి, సంక్రాంతికి ఇంకొన్ని. రోజుకు రెండు మూడు రికార్డులే వచ్చే చిన్న సింక్‌లలో అయితే సున్నా సర్వసాధారణం. సెలవుల పట్టిక రాసుకుని నెట్టుకురావచ్చు గానీ, దాన్ని ఏటా ఎవరో ఒకరు సరిచేస్తుండాలి.

దీనికి అనుభవజ్ఞులు వాడే ఉపాయం ఒకటుంది. మూలం వైపు నుంచి గంటకో ఉత్తుత్తి రికార్డు రాయిస్తారు. మన ఉదాహరణలో దాని దుకాణం కోడ్ `TEST`, మొత్తం సున్నా రూపాయలు. దుకాణాలన్నీ మూసి ఉన్నా రోజుకు 24 రికార్డులు పుడుతూనే ఉంటాయి. అప్పుడిక సున్నాకు రెండు అర్థాలుండవు, అవి గమ్యానికి చేరలేదంటే దారి తెగినట్టే. మైఎస్‌క్యూఎల్ సర్వర్ల కోసం పెర్కోనా సంస్థ ఇచ్చే `pt-heartbeat` అనే పనిముట్టు చేసేది ఇదే. ప్రధాన సర్వర్‌లో క్షణక్షణం సమయం రాస్తూ, అది రెండో సర్వర్‌కు ఎప్పుడు చేరిందో కొలుస్తుంది.

ఈ ఉత్తుత్తి రికార్డు అసలు బిల్లులు నడిచే దారిలోనే నడవాలి. సులువుగా ఉంటుందని దానికి వేరే పట్టిక పెడితే, ఆ పట్టిక రోజూ చక్కగా కాపీ అవుతుంటుంది, బిల్లుల పట్టికలో 2052 అలాగే కూర్చుని ఉంటుంది. అదే పట్టికలో, అదే ప్రశ్నతో, అదే గుర్తు దాటుకుని రావాలి. అమ్మకాల నివేదికల్లోంచి `TEST` కోడ్‌ను తీసేయడం మరవకూడదు. సంకేతం పంపే ముందు `run.sh` ఈ రికార్డులు దిగాయో లేదో చూసుకుని, దిగకపోతే పని విఫలమైందని తానే ఒప్పుకునేలా రాస్తే, పైన చెప్పిన కాపలా సర్వీసు కూడా ఇప్పుడు నిజం చెబుతుంది.

దారి తెరిచే ఉన్నా సరుకు సగమే రావడం ఇంకో రకం. 2020 శరదృతువులో ఇంగ్లండ్‌లో ఇదే జరిగింది. ప్రయోగశాలల నుంచి వచ్చిన కొవిడ్ పరీక్షల ఫైళ్లను పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ సంస్థ పాత ఎక్సెల్ పద్ధతి ఫైళ్లలోకి ఎక్కించి ముందుకు పంపేది. ఆ పాత పద్ధతి ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. అంతకు మించినవి రాలిపోయాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 వరకు 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లో చేరలేదు. ఆ రోగులకు తమ ఫలితం అందింది కానీ, వారిని కలిసినవారిని వెతికే బృందాలకు పేర్లు ఆలస్యంగా చేరాయి. రోజూ వేల కేసులు వస్తూనే ఉన్నాయి కాబట్టి ‘సున్నా వస్తే చెప్పు’ అనే అలర్ట్ ఇక్కడ పనికిరాదు.

దీన్ని పట్టుకునేది రెండు వైపులా లెక్క కలపడమే. దుకాణాలు మూసేశాక నిన్నటి తేదీతో మూలంలో ఎన్ని బిల్లులున్నాయి, గమ్యంలో ఎన్ని ఉన్నాయి? 6,012కి 6,012 ఉండాలి. నడుస్తున్న రోజును పోలిస్తే అంకెలు ఎప్పుడూ కలవవు, ముగిసిన రోజునే పోల్చాలి. మొత్తంతో పాటు దుకాణాల వారీగా కూడా చూడాలి, ఎందుకంటే ఇరవైలో ఒకటి రాకపోతే మొత్తంలో అయిదు శాతం తేడాయే కనిపిస్తుంది. మూలాన్ని ప్రశ్నించే అధికారం లేని చోట, అంటే బయటి సంస్థ ఫైళ్లు పంపే చోట, గత నాలుగు మంగళవారాలతో ఈ మంగళవారాన్ని పోల్చుకోవడం తప్ప దారి లేదు. వాటి మామూలు అంకెలో సగానికి తగ్గితే అలర్ట్ అని పెడతారు. ఇది ముతక జల్లెడ. పది శాతం నష్టాన్ని అది పట్టదు, మరీ బిగిస్తే పండగ వచ్చిన ప్రతిసారీ మోగుతుంది.

లెక్క కలిసినంత మాత్రాన లోపలి విలువలు సరైనవని కాదు. ధర గడిలో పరిమాణం పడినా 6,012కి 6,012 కలుస్తుంది. అది వేరే తనిఖీల పని. ఈ అలర్ట్‌ల నుంచి దాన్ని ఆశించకూడదు.

ఇంత కట్టాక చివరి మైలు మిగులుతుంది. గిట్‌ల్యాబ్‌లో తెగింది అక్కడే. అలర్ట్ పుట్టడం వేరు, మనిషికి చేరడం వేరు. ప్రొమీథియస్ అనే కాపలా సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లలో చాలామంది ‘వాచ్‌డాగ్’ పేరుతో ఎప్పుడూ మోగుతూనే ఉండే ఒక అలర్ట్ పెట్టుకుంటారు. అది బయటి సర్వీసుకు ఆగకుండా అందుతూ ఉండాలి, ఆగిన క్షణం ఆ సర్వీసు వేరే దారిలో ఫోన్ చేస్తుంది. ఇంత హంగు లేని చిన్న సంస్థలో నెలకోసారి కావాలనే సింక్‌ను ఆపి చూడవచ్చు. ఒక నెల రాత్రి పనుల జాబితాలోంచి తీసేయాలి, ఇంకో నెల పరీక్ష డేటాబేస్‌లో 2052 బిల్లు ఒకటి పెట్టాలి. ఆరున్నరకు ఎవరి ఫోన్ మోగింది, ఆ మనిషి ఇంకా అక్కడే పనిచేస్తున్నాడా అన్నవి అప్పుడు తేలతాయి.

ఫోన్‌లో వచ్చే మాట కూడా పని చెప్పేలా ఉండాలి. ‘సింక్ విఫలం’ అని వస్తే నిద్రకళ్లతో చదివే మనిషి ఏమీ చేయలేడు. ‘బిల్లుల కాపీ ఈ రాత్రి 0. గత నాలుగు మంగళవారాలు 5,800 నుంచి 6,300. చివరి రికార్డు సోమవారం 2:37కి దిగింది. ప్రస్తుత గుర్తు 2052. 9 గంటల ఆర్డర్లు ఆపండి’ అని వస్తే, లోపం ఎక్కడుందో సగం అందులోనే ఉంది. చేయాల్సిన మొదటి పనీ అందులోనే ఉంది.

గుర్తును వెనక్కి జరిపి, ఇకపై రేపటి తేదీని దాటిన బిల్లులను పక్కన పెట్టేలా ప్రోగ్రామ్‌ను మార్చాక సింక్ మళ్లీ నడుస్తుంది. ఆ రాత్రి ఆరు వేల బిల్లులు దిగి అంతా పచ్చగా మారుతుంది. చాలాచోట్ల అలర్ట్ అప్పుడే దానంతటదే మూసుకుంటుంది. మధ్యలో ఏ రోజు బిల్లులు రాలేదో అవి ఇంకా రాలేదన్న సంగతి దానితో పాటే మరుగున పడుతుంది. అందుకని మూసే నియమం వేరుగా రాసుకోవాలి. ఆగిన రోజులన్నిటికీ, దుకాణం దుకాణానికీ రెండు వైపులా లెక్క కలిసేదాకా ఆ అలర్ట్ తెరిచే ఉండాలి, దాని పక్కన బాధ్యుడి పేరు ఉండాలి.